ప్లంబర్ వచ్చే రోజు ఇంటి నుంచి పని చేస్తానని మేనేజర్‌ని ఎలా అడగాలి

సాయంత్రం ఏడు దాటాక కింది ఇంటి ఆవిడ వచ్చి తలుపు కొట్టారు. "అమ్మా, మా బాత్రూమ్ సీలింగ్ మీద తడి మచ్చ పడింది. రోజురోజుకీ పెద్దదవుతోంది. ఒకసారి వచ్చి చూస్తారా?" అన్నారు. వెళ్లి చూశాను. పళ్లెం అంత మచ్చ, అంచుల దగ్గర సున్నం పొరలుగా లేస్తోంది. సరిగ్గా మా బాత్రూమ్ కిందే ఉంది. ఆ రాత్రే ఒక ప్లంబర్‌కి ఫోన్ చేస్తే, "ఎల్లుండి పొద్దున పది నుంచి ఒంటి గంట లోపు వస్తాను, ఇంట్లో ఎవరైనా ఉండాలి" అన్నాడు. ఇంట్లో ఉండగలిగేది నేనే.

ఆ రాత్రి మేనేజర్‌కి పంపిన మెసేజ్ నాకు ఇప్పటికీ గుర్తుంది, పన్నెండు లైన్లు రాశాను. మచ్చ ఎలా మొదలైంది, కింది వాళ్లు ఎంత ఇబ్బంది పడుతున్నారు, వేరే రోజు ప్లంబర్ ఎందుకు దొరకడు, ఇలా అడగడం నాకు ఎంత మొహమాటంగా ఉంది, అన్నీ రాశాను. చివర్లో "దయచేసి ఈ ఒక్కసారికి" అని కూడా చేర్చాను. ఆయన రెండు నిమిషాల్లో జవాబిచ్చారు: "సరే. మరి 11:30 రివ్యూ ఎలా?"

నా దగ్గర సమాధానం లేదు. పన్నెండు లైన్లలో ఆ రివ్యూ గురించి ఒక్క మాట లేదు. ఆయనకు తెలియాల్సిందల్లా అదే. గోడలో పైపు కారుతోందా, నేల కిందా అన్నది ఆయన తేల్చాల్సిన విషయం కాదు. ఎల్లుండి పొద్దున నేను ఏ గంటలో పనిలో ఉంటాను, ఏ గంటలో ఉండను, ఉండని గంటలో నా పని ఎవరు చూస్తారు అన్నదే ఆయన ముందున్న ప్రశ్న. దాన్ని నేను ఆయనకే వదిలేసి, అనుమతి మాత్రం అడిగానన్నమాట.

తర్వాత కొన్నేళ్లకు నేనే ఒక చిన్న టీమ్‌ని చూసుకోవాల్సి వచ్చింది. ఇలాంటి మెసేజ్‌లు నాకూ వచ్చేవి. రెండు వైపులా ఉన్నాక నాకు గట్టిగా అనిపించేది ఇది: రిపేర్ కోసం ఒక రోజు ఇంటి నుంచి పని అడగడంలో కష్టమైన భాగం మేనేజర్‌తో మాట్లాడటం కాదు. అంతకు ముందు ప్లంబర్‌తోనో ఎలక్ట్రీషియన్‌తోనో సరిగ్గా మాట్లాడటం. ఆ మాటలు సరిగ్గా జరిగితే మేనేజర్‌కి రాయాల్సింది ఏడెనిమిది వాక్యాలే. అవి జరగకపోతే ఎంత మర్యాదగా రాసినా మనం అడిగేది ఆయనకు అర్థం కాదు, ఎందుకంటే మనకే తెలియదు.

మా ఇంటి లీకేజీనే తీసుకుంటాను. "ప్లంబర్ వస్తాడు, బాగు చేస్తాడు, పోతాడు" అని నేను అనుకున్నాను. అసలు పని అలా ఉండదు. సీలింగ్ మీద తడి కనిపిస్తే కారణం రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి, గోడ లోపల నుంచి వచ్చే నీళ్ల పైపు, అంటే ఎప్పుడూ ప్రెజర్‌లో ఉండే లైన్. రెండోది, వాడిన నీళ్లు బయటికి పోయే వైపు: నేల మీది జాలీ, దాని కింది పైపు, లేదా టైల్స్ మధ్య సందులు. ఈ రెండిటినీ కనిపెట్టే పద్ధతులు వేరు, పట్టే సమయం వేరు.

నీళ్లు వచ్చే పైపు సంగతి మనమే కొంతవరకు తేల్చుకోవచ్చు. ఇంటికి విడిగా వాటర్ మీటర్ ఉంటే ఇంట్లో అన్ని ట్యాపులూ కట్టేసి, మీటర్ రీడింగ్ రాసుకుని, ఒక గంట ఎవరూ నీళ్లు ముట్టుకోకుండా ఉండి మళ్లీ చూడాలి. అంకె కదిలితే ఎక్కడో లోపల కారుతోంది. అది బాత్రూమ్‌లోనే అని మాత్రం మీటర్ చెప్పదు, ఫ్లష్ ట్యాంక్‌లో సన్నగా కారుతున్నా అంకె కదులుతుంది. ప్లంబర్ వచ్చాక ఆ లైన్‌ని విడిగా మూసి, చేతిపంపుతో ప్రెజర్ ఎక్కించి, గేజ్ ముల్లు నిలబడుతుందా పడిపోతుందా అని చూస్తాడు. సామాన్లు అమర్చుకోవడంతో కలిపి గంటలోపు తేలిపోయే పరీక్ష ఇది. ముల్లు పడిపోతే టైల్స్ పగలగొట్టి, కారుతున్న జాయింట్ మార్చి, అంటించిన చోట ఆరేదాకా ఆగి, మళ్లీ ప్రెజర్ పెట్టి చూస్తాడు.

ముల్లు నిలబడితే కథ మారిపోతుంది. అప్పుడు అనుమానం నీళ్లు పోయే వైపు మీదికి వెళ్తుంది. జాలీని గట్టిగా మూసి, నేల మీద రెండు అంగుళాల దాకా నీళ్లు నింపి, గోడ మీద గుర్తు పెట్టి, ఇరవై నాలుగు గంటలు వదిలేస్తారు. మర్నాడు కింద మచ్చ ఎక్కువైందా, పైన నీటి మట్టం తగ్గిందా అని చూస్తారు. అంటే ప్లంబర్ ఆ రోజు అరగంటలో వెళ్లిపోయి, మళ్లీ మర్నాడు వస్తాడు. నేను "ఒక్క రోజు" అని అడిగిన పని, మొదటి గంటలోనే రెండు రోజుల పని అయిపోవచ్చు. ఇది ముందే తెలుసుకోకుండా "ఈ ఒక్కసారికి" అని రాస్తే, మర్నాడు మళ్లీ అదే మేనేజర్ ముందు నిలబడి రెండోసారి అడగాలి. రెండోసారి అడగడం ఎప్పుడూ మొదటిసారి కంటే కష్టం, కారణం ఎంత నిజమైనా సరే.

అందుకే మేనేజర్‌కి మెసేజ్ పెట్టేముందు రిపేర్‌కి వచ్చే మనిషికి ఫోన్ చేసి కొన్ని అడగాలి. "ఎప్పుడు వస్తారు" అని అందరం అడుగుతాం. "పది నుంచి ఒంటి గంట లోపు" అంటారు. అది వచ్చే సమయం మాత్రమే, పని అయ్యే సమయం కాదని చాలామంది గమనించరు. ఒంటి గంటకు పది నిమిషాల ముందు తలుపు కొట్టినా ఆయన మాట తప్పినట్టు కాదు. పని అక్కడి నుంచి మొదలవుతుంది. కాబట్టి రెండు గంటల పని అంటే మనకు పది నుంచి మూడు దాకా అనిశ్చితి. మేనేజర్‌కి చెప్పాల్సింది ఆ మొత్తం ఐదు గంటల సంగతి. "రావడానికి అరగంట ముందు ఫోన్ చేస్తారా?" అని అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు, ఆ అరగంటే మన రోజంతటినీ కాపాడుతుంది.

తర్వాత, ఇది ఒక్కసారి వస్తే అయ్యే పనా, మళ్లీ రావాలా అని అడగాలి. పగలగొట్టిన చోట టైల్ మళ్లీ అంటించి, సందులు నింపాలంటే అంటించింది గట్టిపడాలి, అందుకు సాధారణంగా ఒక రోజు వదులుతారు. ఆ చివరి పనికి అరగంట చాలు. దానికి మళ్లీ ఒక రోజంతా అడగక్కర్లేదు, ఆఫీస్ మొదలయ్యే ముందో అయిపోయాకో రమ్మంటే వస్తారు. కానీ ఆ మాట మొదటి ఫోన్‌లోనే అనుకోవాలి.

మిగిలింది చప్పుడు, కరెంటు. టైల్స్ పగలగొట్టే చప్పుడు ఎంతసేపు ఉంటుందో అడగండి. మా ఇంట్లో అది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు తలుపులు ఎన్ని మూసినా ఫోన్‌లో మాట్లాడటం కుదరలేదు. గోడలో వైర్లు దగ్గరగా ఉంటే కరెంటు కట్టేయాల్సి వస్తుంది. ఏ స్విచ్ కట్టేస్తారు, ఒక గదిదా, మొత్తం ఇంటిదా అన్నది ముఖ్యం. మొత్తం కట్టేస్తే రౌటర్ పోతుంది, నెట్ పోతుంది. లాప్‌టాప్ బ్యాటరీ ఉన్నా పని ఆగుతుంది. ఇది అడగకుండా "రోజంతా ఆన్‌లైన్‌లో ఉంటాను" అని మాటిచ్చి, పన్నెండింటికి మాయమైపోతే ఆ మాట ఇక ఎవరూ నమ్మరు.

నెట్ పోతే ఫోన్ హాట్‌స్పాట్ ఉంది కదా అనుకుంటాం. అది ముందు రోజు రాత్రే ఒకసారి పెట్టి చూసుకోవాలి. వీడియో కాల్‌కి గంటకు సుమారు 1 నుంచి 2 జీబీ దాకా అవుతుంది, గొంతు మాత్రమే అయితే అందులో చిన్న భాగం. అంతకంటే ముఖ్యం, కొన్ని ఆఫీసుల వీపీఎన్ హాట్‌స్పాట్ మీద కలవదు, లేదా కలిసి అయిదు నిమిషాలకోసారి తెగిపోతుంది. ఆ సంగతి ప్లంబర్ గోడ పగలగొడుతున్నప్పుడు తెలిస్తే లాభం లేదు.

ఇవన్నీ తెలిశాక నిజాయితీగా ఒక లెక్క వేసుకోవాలి. అసలు ఇది ఇంటి నుంచి పనా, లేక సెలవా?

ఈ తేడా దగ్గర నాకు గట్టి అభిప్రాయం ఉంది. రిపేర్ రోజున మనం చేసేది మూడు రకాలుగా ఉంటుంది. కొంతసేపు అసలు పని చేయలేం: తలుపు తీసి సమస్య చూపించడం, ఏది పగలగొట్టాలో ఒప్పుకోవడం, చివర్లో పరీక్ష చూసి డబ్బిచ్చి పంపడం. కొంతసేపు పని చేయగలం కానీ మాట్లాడలేం: అది చప్పుడు సమయం. మిగతాది మామూలు పనే. మా ఇంటి లెక్కలో మొదటి రకం గంటా పదిహేను నిమిషాలు వచ్చింది. రెండో రకం నలభై నిమిషాలు, అందులో రాసే పని, చదివే పని చేసుకోవచ్చు. అంటే ఎనిమిది గంటల రోజులో నేను నిజంగా పోగొట్టేది గంటంపావు. పొద్దున గంట ముందు మొదలుపెట్టి, సాయంత్రం పావుగంట ఎక్కువ ఉంటే సరిపోతుంది. ఇది ఇంటి నుంచి పని.

అదే వంటగది మొత్తం వైరింగ్ మారుస్తున్నారనుకోండి. ఆరు గంటలు కరెంటు లేదు, మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటారు, ప్రతి పది నిమిషాలకూ "ఈ బోర్డు ఎక్కడ పెట్టమంటారు?" అని అడుగుతారు. అలాంటి రోజును "ఇంటి నుంచి పని" అని పిలవడం సరికాదు. అది సెలవు. పనికి పోయేది రెండు గంటలు దాటితే నేను పూట సెలవు పెడతాను, మూడు నాలుగు గంటలు దాటితే రోజంతా సెలవే. ఇది ఏ కంపెనీ నియమమూ కాదు, నేను పెట్టుకున్న గీత. ఆ గీత ఎక్కడైనా పెట్టుకోవచ్చు, కానీ ఒకటి ఉండాలి. ఎందుకంటే సెలవు మిగుల్చుకోవడానికి ఇంటి నుంచి పని అని చెప్పి, పని చేయని రోజు ఒకటి దొరికినా, తర్వాత నిజంగా పని చేసిన పది రోజుల మీదా అనుమానం పడుతుంది. అది మన ఒక్కరి మీదే ఆగదు కూడా. టీమ్‌లో ఇంకెవరు అడిగినా మేనేజర్‌కి ఆ రోజే గుర్తొస్తుంది.

లెక్క తేలాక రాయడం సులువు. ఇప్పుడు అదే పరిస్థితి వస్తే నేను రాసేది ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. మా బాత్రూమ్‌లో నీళ్లు కారి కింది ఇంటి సీలింగ్ తడుస్తోంది. గురువారం 10 నుంచి 1 గంట మధ్య ప్లంబర్ వస్తున్నారు, ఇంట్లో నేను ఉండాలి. ఆ రోజు ఇంటి నుంచి పని చేయడానికి కుదురుతుందా? ఉదయం 8కే మొదలుపెడతాను. 10 నుంచి 3 లోపు సుమారు గంటంపావు అందుబాటులో ఉండను, ఆయన రాగానే చాట్‌లో చెప్తాను. 11:30 రివ్యూలో నా భాగం స్లయిడ్లు బుధవారం సాయంత్రానికి పంపేస్తాను, నేను ఆ సమయానికి మాట్లాడలేకపోతే చూపించడానికి టీమ్‌లో ఒకరు ఒప్పుకున్నారు. కుదిరితే దాన్ని 4 గంటలకు మార్చినా నాకు సరే. శుక్రవారం మళ్లీ రావాల్సి వస్తే గురువారం సాయంత్రమే చెప్తాను."

దీనిలో కారణానికి ఒకే వాక్యం ఉంది. ఎంత చెప్పాలన్నది చాలామందిని ఇబ్బంది పెట్టే ప్రశ్న. కారణం అసలు చెప్పకుండా "వ్యక్తిగత పని" అంటే చాలదా అని ఒక స్నేహితురాలు నాతో వాదించింది. చాలా విషయాల్లో ఆమె మాట నిజమే, ఆరోగ్యం, కుటుంబం లాంటివి ఎవరికీ వివరించాల్సిన పని లేదు. రిపేర్ విషయంలో మాత్రం ఒక్క వాక్యం చెప్పడం మనకే మంచిదని నా అభిప్రాయం. "కింది ఇంటి సీలింగ్ తడుస్తోంది" అనగానే ఇది వచ్చే వారానికి వాయిదా వేయలేని పని అని అవతలి వాళ్లకు తెలిసిపోతుంది, ఇంకో ప్రశ్న రాదు. ఆ వాక్యం దాటి రాసిన ప్రతి వాక్యం క్షమాపణలా వినిపిస్తుంది. క్షమాపణ చూడగానే, ఇది ఇవ్వకూడని వెసులుబాటేమో అన్న ఆలోచన అవతలి వాళ్లకు వస్తుంది. నా పన్నెండు లైన్ల మెసేజ్ చేసిన పని అదే.

"రోజంతా అందుబాటులో ఉంటాను" అన్న వాక్యం అందులో లేదు, గమనించండి. అది అబద్ధం అవుతుంది. గంటంపావు ఉండనని చెప్పడం వల్ల అడిగింది బలహీనపడుతుందని నేను మొదట్లో భయపడేదాన్ని. మేనేజర్ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, నాకు నమ్మకం కలిగించింది ఆ వాక్యమే. ఒక మనిషి తను లేని సమయాన్ని తనే లెక్కపెట్టి చెప్తే, మిగతా సమయం ఉంటారని నమ్మడం సులువు. "పూర్తిగా అందుబాటులో ఉంటాను" అని రాసినవాళ్ల విషయంలోనే, మధ్యాహ్నం ఒక మెసేజ్‌కి ఇరవై నిమిషాలు జవాబు రాకపోతే ఏమైందో అనిపించేది.

రివ్యూకి ప్రత్యామ్నాయం కూడా మెసేజ్‌లోనే ఉంది. అంటే ఆ సహోద్యోగిని ముందే అడిగి ఒప్పించాలి. మేనేజర్‌కి పంపి, ఆయన సరే అన్నాక సహోద్యోగిని అడగడం తలకిందుల పని. అప్పుడు ఆమె కాదనలేని స్థితిలో పడుతుంది. ముందు అడిగితే కాదనే అవకాశం ఆమెకు ఉంటుంది, ఆ అవకాశం ఉన్నప్పుడు ఇచ్చిన సాయం మనసులో ముల్లుగా మిగలదు.

ఇక ఎప్పుడు పంపాలి అంటే, ప్లంబర్ తేదీ ఖాయం కాగానే. రెండు రోజుల ముందు అయితే మీటింగ్ మార్చొచ్చు, ముందు రోజు రాత్రి అయితే మేనేజర్‌కి సర్దుకోవడమే మిగులుతుంది. ఆఫీస్ పోర్టల్‌లో వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు నమోదు చేయాల్సి ఉంటే మెసేజ్ ఒక్కటే చాలదు. ముందు మాట అడిగి, తర్వాత పోర్టల్‌లో పెట్టడం మంచి పద్ధతి. చెప్పకుండా నేరుగా పోర్టల్‌లో పెడితే మేనేజర్‌కి ఒక యంత్రం నుంచి మెయిల్ వెళ్తుంది, దాంట్లో పై వివరాలు ఏవీ ఉండవు. పొద్దున్నే పైపు పగిలి నీళ్లు పారుతుంటే మాత్రం ఇవేవీ కాదు: ముందు మెయిన్ వాల్వ్ కట్టేయండి, తర్వాత ఫోన్ చేయండి. అత్యవసరం అయినప్పుడు ఫోన్, ముందే తెలిసినప్పుడు రాతలో మెసేజ్. రాతలో ఉంటే ఎవరేం ఒప్పుకున్నారో తర్వాత ఇద్దరికీ గుర్తుంటుంది.

దీనికి ఎదురుగా ఒక వాదన తరచూ వింటాను, దాన్ని తేలిగ్గా తీసేయలేను. "ఇంత లెక్క ఎందుకు? చెప్పకుండా ఇంట్లో ఉండి, చాట్‌లో పచ్చ చుక్క వెలుగుతూ ఉంటే చాలు. అడిగితే లేనిపోని ప్రశ్నలు." ఈ మాట అనేవాళ్లలో చాలామంది సోమరులు కారు. ఒకప్పుడు నిజాయితీగా అడిగి, "ఇంట్లో ఇంకెవరూ లేరా?" అనో, "ఇవన్నీ ఆదివారం పెట్టుకోకూడదా?" అనో మాట పడ్డవాళ్లు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. ఇంట్లో ఇంకెవరున్నారన్నది ఆఫీసులో అడగాల్సిన ప్రశ్న కాదు. రిపేర్ చేసే మనిషి ఏ రోజు వస్తాడన్నది చాలాసార్లు మన చేతిలో ఉండదు.

అయినా దాచడాన్ని నేను ఒప్పుకోను. కారణం ఇది: రిపేర్ దాచడానికి వీలైన పని కాదు. గోడ పగులుతున్న చప్పుడు మైక్‌లోకి వస్తుంది. కరెంటు పోతే పచ్చ చుక్క దానంతట అదే ఆరిపోతుంది. ప్లంబర్ "అమ్మా, ఒకసారి ఇటు రండి" అని పిలిచేది సరిగ్గా మన పేరు అడిగిన క్షణంలోనే. నాతో పని చేసిన ఒకాయన ఇలాగే చెప్పకుండా ఇంటి నుంచి కాల్‌లో చేరారు. మధ్యలో డ్రిల్లింగ్ మొదలైంది, ఆయన మ్యూట్ చేసుకున్నారు. ఆయన జవాబు కోసం అవతల తొమ్మిది మంది ఆగిపోయారు. నాకు ఆ రోజు కోపం రిపేర్ మీద రాలేదు, అడిగి ఉంటే ఆ కాల్‌ని గంట ముందుకు జరిపేదాన్ని కదా అని బాధ కలిగింది. తర్వాత ఆయన్ని విడిగా కూర్చోబెట్టి అడిగితే, వెనకటి ఉద్యోగంలో ఇలా అడిగినందుకు అందరి ముందూ మాట పడ్డానని చెప్పారు. తప్పు ఎక్కడ మొదలైందో అప్పుడు అర్థమైంది. నేను కూడా టీమ్‌కి ముందే చెప్పి ఉండాల్సింది: ఇంటికి రిపేర్ వస్తుంటే చెప్పండి, కారణం వివరించక్కర్లేదు, గంటలు చెప్తే చాలు అని. ఆ మర్నాడే చెప్పాను.

కాదనాల్సి వచ్చిన సందర్భం కూడా ఒకటుంది. కొత్త వెర్షన్ బయటికి వెళ్లే రోజు, ఆఫీసు లోపలి నెట్‌వర్క్ నుంచి మాత్రమే చేయగలిగిన పని అది. సరిగ్గా ఆ రోజే ఒకామె ఏసీ రిపేర్ కోసం ఇంటి నుంచి పని అడిగింది. "కుదరదు" అని ఒక్క మాటలో రాశాను, అది నేను చేసిన తప్పు. కాదనడం సరైనదే, కానీ దారి చూపించలేదు. మధ్యాహ్నం మూడింటికి ఆ పని అయిపోతుంది, నాలుగు తర్వాత రమ్మని మెకానిక్‌ని అడగొచ్చా అని నేనే అడిగి ఉండొచ్చు. చివరికి ఆమే ఆ మాట కనుక్కుని, మెకానిక్‌ని సాయంత్రానికి మార్చుకుని, నాకు చెప్పింది. అడిగేవాళ్లకూ ఇదే చెప్తాను: కాదన్న జవాబు వస్తే "ఎందుకు" అని వాదించే ముందు, "ఆ రోజు ఏ గంటలు నేను ఆఫీసులో ఉండటం తప్పనిసరి?" అని అడగండి. చాలాసార్లు జవాబు రోజంతా ఉండదు, రెండు మూడు గంటలే ఉంటుంది. ఆ గంటలు తెలిస్తే రిపేర్‌ని వాటి చుట్టూ జరపొచ్చు.

ఇదంతా కొన్ని ఉద్యోగాలకే వర్తిస్తుందని నాకు తెలుసు. కౌంటర్‌లో కూర్చునేవాళ్లు, యంత్రం ముందు నిలబడేవాళ్లు, వార్డులో తిరిగేవాళ్లు ఇంటి నుంచి పని అడగలేరు. వాళ్లు షిఫ్ట్ మార్చుకోవాలి, లేదా సెలవు పెట్టాలి. కొన్ని ఆఫీసుల్లో లాప్‌టాప్ బయటికి తీసుకెళ్లనివ్వరు, కస్టమర్ల వివరాలు ఇంటి నెట్ మీద తెరవనివ్వరు. అలాంటి చోట మేనేజర్ సరే అన్నా చేయకూడదు. ఇంకో విషయం, ఆఫీసు సమాచారం స్క్రీన్ మీద ఉన్నప్పుడు ఇంట్లో కొత్త మనిషి తిరుగుతుంటాడు. లేచిన ప్రతిసారీ స్క్రీన్ లాక్ చేయాలి. చిన్న పనే, కానీ ఆ హడావిడిలో మర్చిపోతాం.

మా ఇంటి గురువారం ఎలా గడిచిందో చెప్పాలి. రివ్యూ ఎలా అన్న ప్రశ్నకు మర్నాడు నేను సమాధానం వెతుక్కుని, సహోద్యోగిని అడిగి, స్లయిడ్లు ముందే పంపాను. గురువారం ఎనిమిదికి కూర్చున్నాను. పదీ దాటింది, పదకొండూ దాటింది, ప్లంబర్ ఫోన్ రాలేదు. 11:30 రివ్యూలో నేనే మాట్లాడాను, సహోద్యోగి అవసరం పడలేదు. 12:20కి ఫోన్ వచ్చింది, ఒంటి గంటకు పది నిమిషాల ముందు ఆయన వచ్చాడు. చాట్‌లో "ప్లంబర్ వచ్చారు, పావుగంట ఉండను" అని పెట్టాను. ప్రెజర్ పెట్టాడు, ముల్లు నిలబడింది. పైపులో ఏమీ లేదు. జాలీ మూసి నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, "రేపు ఇదే టైమ్‌కి వస్తానమ్మా, అప్పటిదాకా ఈ బాత్రూమ్ వాడకండి" అని వెళ్లిపోయాడు. ముప్ఫై ఐదు నిమిషాల్లో నేను మళ్లీ కుర్చీలో ఉన్నాను.

సాయంత్రం నాలుగింటికి మేనేజర్‌కి ఫోన్ చేశాను. ఏమీ దాచకుండా చెప్పాను: ఈరోజు తేలింది పైపు బాగుందన్న సంగతే, రేపు నీటి మట్టం చూడాలి, తగ్గితే జాలీ చుట్టూ పగలగొట్టి మళ్లీ వేయాలి, రేపటి చప్పుడు నలభై నిమిషాలు ఉంటుందట, అది ఒంటి గంట తర్వాతే, రేపు నాకు ఉన్న ఒకే కాల్ పదింటికి, అది మామూలుగా జరుగుతుంది.

ఆయన కాసేపు విని, "పదింటి కాల్‌లో ఉంటారు కదా?" అన్నారు.

"ఉంటానండీ."

"అయితే రేపు కూడా ఇంటి నుంచే చేయండి. కింది వాళ్లకి ఎన్ని రోజులు పడుతుందో చెప్పారా?"

చెప్పలేదు. ఫోన్ పెట్టేసి కిందికి వెళ్లి తలుపు కొట్టాను.